పసుపు పేటెంటులో ఆరు వాక్యాలు

‘అమెరికావాళ్లు మన పసుపు మీద పేటెంటు తీసుకున్నారు’ అన్న మాట చాలా ఏళ్లుగా వింటున్నాం. నిజానికి పసుపు మీద పేటెంటు ఎవరికీ రాలేదు. 1995 మార్చిలో అమెరికా పేటెంటు ఆఫీసు మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు 5,401,504 నంబరుతో ఒక పేటెంటు ఇచ్చింది. దాని శీర్షిక గాయాలు మాన్పడంలో పసుపు ఉపయోగం గురించి చెబుతుంది. కానీ ఆ హక్కు ఎంతవరకో శీర్షికను బట్టి తేలదు. పత్రం చివర నంబర్లు వేసి రాసిన క్లెయిమ్‌లు చదివితేనే తేలుతుంది.

పొలం దస్తావేజులో ఎన్ని పేజీల కథ ఉన్నా, కొన్నది ఎంతో చెప్పేది చివరి షెడ్యూలులోని నాలుగు హద్దులే. పేటెంటుకు క్లెయిమ్‌లు అలాంటివి. ముందున్న పేజీల్లో ప్రయోగాలూ బొమ్మలూ ఎన్నున్నా అవి వివరణ మాత్రమే. క్లెయిమ్‌లో ఉన్నదానికే హక్కు. మన పేటెంట్ల చట్టం కూడా సెక్షన్ 10లో వివరణ పత్రం క్లెయిమ్‌లతోనే ముగియాలని చెప్పింది. ఒక్కో క్లెయిమ్ ఎంత పొడుగున్నా ఒకే వాక్యంగా రాయడం ఆనవాయితీ.

పసుపు పేటెంటులో అలాంటి వాక్యాలు ఆరు. మొదటి దాని సారం ఇది: రోగికి గాయం మానేందుకు, తగిన మోతాదు పసుపు పొడి మాత్రమే ఉన్న మందును ఇచ్చే పద్ధతి. మిగిలిన అయిదూ ‘1వ క్లెయిమ్‌లో చెప్పిన పద్ధతే, అందులో...’ అంటూ మొదలవుతాయి. రెండోది పసుపును నోటి ద్వారా ఇవ్వడం, మూడోది గాయం మీద పూయడం, నాలుగోది ఆ రెండూ చేయడం. అయిదోది ఆపరేషన్ గాయానికి, ఆరోది ఒంటి మీది పుండుకు సంబంధించినవి.

ఇంకో క్లెయిమ్ వైపు చూడకుండా తనంతట తాను పూర్తి అర్థం ఇచ్చే మొదటిది స్వతంత్ర క్లెయిమ్. వెనక్కి చెయ్యి చూపించే మిగతా అయిదూ ఆధారిత క్లెయిమ్‌లు. ఆధారిత క్లెయిమ్ తాను ఏ నంబరును చూపిస్తుందో ఆ క్లెయిమ్‌లోని షరతులన్నిటినీ కలుపుకుని, పైన తనదొకటి చేర్చుకుంటుంది. అంటే అయిదో క్లెయిమ్‌ను ‘ఆపరేషన్ గాయం’ అని మాత్రమే చదవకూడదు. ‘పసుపు పొడి మాత్రమే ఉన్న మందును, గాయం మానేందుకు, ఆపరేషన్ గాయమున్న రోగికి ఇవ్వడం’ అని పూర్తిగా విప్పి చదవాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. క్లెయిమ్‌లో మాటలు పెరిగితే హక్కు పెరిగిందనుకుంటారు. కానీ చేర్చిన ప్రతి షరతూ హద్దును లోపలికి జరుపుతుంది. అందుకే అన్నిటికన్నా విశాలమైనది స్వతంత్ర క్లెయిమే.

దీన్నిబట్టి ఎవరైనా పేటెంటును ఉల్లంఘించారా అని చూసేటప్పుడు పని సులువవుతుంది. ఆ పేటెంటు అమల్లో ఉండగా అమెరికాలో ఒక వైద్యుడు ఆపరేషన్ గాయం మీద పసుపు పొడి చల్లాడనుకుందాం. అతను 1, 3, 5 క్లెయిమ్‌ల పరిధిలోకి వస్తాడు. ఇంకొకరు వేపాకు పొడి, పసుపు కలిపి ఇచ్చారనుకుందాం. మొదటి క్లెయిమ్ మందులో ఉండేది పసుపు పొడి మాత్రమే అంటోంది కాబట్టి, తాను దాని బయట ఉన్నానని వాదించడానికి అతనికి గట్టి పట్టు దొరుకుతుంది. ఆ వాదన నెగ్గితే మిగతా అయిదింటినీ చూడక్కర్లేదు. మొదటిదాన్ని తాకనివాడు దాని మీద ఆధారపడ్డవాటిని తాకలేడు. అదే క్లెయిమ్‌లో ‘పసుపు పొడితో కూడిన మందు’ అని రాసుంటే వేపాకు కలిపినా తప్పించుకోవడం కష్టం. ‘మాత్రమే’ అన్న ఒక్క షరతు అంత తేడా తెస్తుంది. అందుకే పక్కవాడి పేటెంటు తమకు అడ్డమా అని చూసేవారు ముందుగా స్వతంత్ర క్లెయిమ్‌లనే వెతుకుతారు. ఒక పేటెంటులో అవి ఒకటికన్నా ఎక్కువ ఉండవచ్చు. వస్తువుకొకటి, దాన్ని తయారుచేసే పద్ధతికొకటి ఉంటే రెండూ విడివిడిగా చదవాలి.

మొదటిదే అంత విశాలమైనప్పుడు మిగతా అయిదూ ఎందుకు? పేటెంటు చెల్లదని ఎవరైనా సవాలు చేసినప్పుడు వాటి అవసరం తెలుస్తుంది. విశాలమైన క్లెయిమ్‌ను పడగొట్టడం తేలిక. దాని హద్దుల్లో ఎక్కడో ఒకచోట పాత పద్ధతి ఒక్కటి చూపిస్తే చాలు. గాయం మీద పసుపు పొడి పూసేవారని పాత పుస్తకం చూపిస్తే 1, 3 క్లెయిమ్‌లు పోతాయి. కానీ వాటితోపాటు మిగతావి వాటంతటవే కూలిపోవు. నోటి ద్వారా ఇవ్వడం గురించిన రెండోది, ఆపరేషన్ గాయం గురించిన అయిదోది తమ అదనపు షరతుతో నిలబడే అవకాశం ఉంటుంది. ఒక్కోదాన్ని విడిగా ఎదుర్కోవాల్సిందే.

1996లో మన సీఎస్ఐఆర్ పేటెంటును తిరిగి పరిశీలించాలని అమెరికా ఆఫీసును కోరినప్పుడు చేసిన పని అదే. ఊరూరా పసుపు వాడతాం అని చెబితే సరిపోయేది కాదు, అచ్చులో ఉన్న ఆధారం కావాలి. 32 ఆధారాలు సమర్పించారు. వాటిలో వందేళ్లు దాటిన గ్రంథాలున్నాయి, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన వ్యాసమూ ఉంది.

పేటెంటు పక్షం ఇచ్చిన జవాబు చూస్తే క్లెయిమ్‌లో ప్రతి మాటా ఎలా ఆయుధమవుతుందో అర్థమవుతుంది. పాత గ్రంథాల్లో ఉన్నది పసుపు ముద్ద, మా క్లెయిమ్‌లో ఉన్నది పొడి, రెండూ ఒంటికి పట్టే తీరు వేరు అన్నారు. నోటి ద్వారా ఇచ్చినట్టున్న చోట పసుపును తేనెతో కలిపి ఇచ్చారు, తేనెకే గాయం మాన్పే గుణముంది కదా అన్నారు. రెండో వాదన ‘పసుపు పొడి మాత్రమే’ అన్న షరతును పట్టుకుని చేసిందే. పరిశీలకుడు రెండింటినీ ఒప్పుకోలేదు. గాయం మాన్పే విషయంలో పొడికీ ముద్దకూ తేడా లేదని తేల్చి, 1997లో ఆరు క్లెయిమ్‌లనూ తిరస్కరించారు. 1998 ఏప్రిల్‌లో తుది ధ్రువపత్రంతో ఆ కథ ముగిసింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు తేలిన బాస్మతి వివాదం ఇలా ముగియలేదు. రైస్‌టెక్ కంపెనీ పేటెంటులోని 20 క్లెయిమ్‌లలో విశాలమైనవి పోయినా, ఆ కంపెనీ సొంతంగా రూపొందించిన వరి వంగడాలకు పరిమితమైన కొన్ని ఇరుకు క్లెయిమ్‌లు మిగిలాయి. అక్కడ చేర్చిన షరతులో ఎంతోకొంత కొత్తదనం ఉంది. పసుపు విషయంలో నోటి ద్వారా ఇవ్వడం, పైన పూయడం, పుండుకు వాడటం కూడా పాతవే అయ్యాయి. ఆధారిత క్లెయిమ్‌లు ఎన్ని రాసుకున్నామన్నది లెక్కలోకి రాదు. మొదటిది కూలిన రోజున, ఒక్కో క్లెయిమ్ అదనంగా చేర్చిన షరతులో పేటెంటుకు తగిన కొత్తదనం ఉంటేనే ఆ క్లెయిమ్ నిలుస్తుంది.