లీలావతిలో సప్తభుజి

భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో, 1,20,000 వ్యాసం గల వృత్తంలో ఇమిడే క్రమ బహుభుజుల భుజాలను మూడు భుజాల దాని నుండి తొమ్మిది భుజాల దాని వరకు సంఖ్యలుగా ఇచ్చాడు. పంచభుజికి 70,534, సప్తభుజికి 52,055, నవభుజికి 41,031. కేంద్రకోణంతో వీటిని మనమే సరిచూడవచ్చు.

n భుజాలుంటే ఒక్కో భుజం కేంద్రం వద్ద 360/n డిగ్రీల కోణం చేస్తుంది. కేంద్రం నుండి ఆ భుజానికి లంబం గీస్తే కోణమూ భుజమూ చెరిసగమవుతాయి. వ్యాసార్ధం కర్ణంగా లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. కనుక సగం భుజం R sin(180°/n). పూర్తి భుజం కావాలంటే R బదులు వ్యాసం తీసుకుంటే చాలు.

పంచభుజికి sin 36° = 0.587785. దీన్ని 1,20,000తో గుణిస్తే 70,534, ఆచార్యుని సంఖ్యే. సప్తభుజికి మాత్రం 52,066, నవభుజికి 41,042 వస్తాయి. రెండుచోట్లా ఆయన సంఖ్య 11 తక్కువ. మిగిలిన బహుభుజులకు కావలసిన 60°, 45°, 36°, 30°, 22.5° సైన్లు వర్గమూలాలతో కచ్చితంగా రాబట్టగలిగినవి. 180/7, 20 డిగ్రీలకు ఆ వెసులుబాటు లేదు. తేడా సరిగ్గా అక్కడే రావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

వైశాల్యానికి సగం కోణం కాదు, పూర్తి కేంద్రకోణం కావాలి: n × ½R² sin(360°/n). వ్యాసార్ధం 1000 అయితే పంచభుజి వైశాల్యం 23,77,641. పొరపాటున 36° వాడితే 14,69,463 వస్తుంది. అదే వృత్తంలోని చతురస్రానికే 20,00,000 ఉంటుంది గనుక ఆ తప్పు వెంటనే బయటపడుతుంది.