‘పేషెంట్ స్టేబుల్’ అని రాస్తే చాలదా? డ్యూటీ మారేటప్పుడు నర్సులు రాసే నోట్‌లో ఏముండాలి?

మీవాళ్లెవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఉదయం 8 గంటలకు వార్డులో జరిగే హడావుడి చూసే ఉంటారు. నైట్ డ్యూటీ సిస్టర్ కేస్ షీట్ పట్టుకుని మంచం మంచం దగ్గర ఆగుతూ ఏదో చెబుతుంటారు. ఉదయం డ్యూటీకి వచ్చిన సిస్టర్ వింటూ రాసుకుంటారు. ఒక్కో పేషెంట్ దగ్గర రెండు, మూడు నిమిషాలే. దీన్నే హ్యాండోవర్ అంటారు.

మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా ఉదయం 8 నుంచి 2 వరకు ఒక షిఫ్టు, 2 నుంచి రాత్రి 8 వరకు ఇంకొకటి, రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు నైట్ డ్యూటీ. అంటే రోజుకు మూడుసార్లు పేషెంట్ బాధ్యత చేతులు మారుతుంది. నోటితో చెప్పింది మరిచిపోవచ్చు. మిగిలేది రాసిన నోటే. అందులో ఏముండాలి, ఏది తప్పిపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఊహించిన కేసే అయినా, వార్డుల్లో పనిచేసేవారికి కొత్తేమీ కాదు.

ఒకే రాత్రి, రెండు నోట్లు

పేషెంట్‌కు 58 ఏళ్లు, బరువు 60 కిలోలు. ముందురోజు పొట్ట ఆపరేషన్ అయింది. మూత్రానికి ట్యూబ్ వేశారు. సెలైన్ ఎక్కుతోంది. నైట్ సిస్టర్ వెళ్లేముందు ఇలా రాశారనుకోండి:

“పేషెంట్ స్టేబుల్. రాత్రి నిద్రపోయారు. మందులన్నీ ఇచ్చాం. 12 గంటల్లో మూత్రం 460 ఎంఎల్. డాక్టర్‌కు తెలియజేశాం. రిపోర్టు రావాలి.”

చదివితే తప్పేమీ కనిపించదు. అందులో అబద్ధం కూడా లేదు. పెద్దల్లో మూత్రం గంటకు, కిలో బరువుకు కనీసం అర ఎంఎల్ రావాలన్నది వార్డులో అందరికీ తెలిసిన లెక్క. 60 కిలోల మనిషికి గంటకు 30 ఎంఎల్. అంటే 12 గంటలకు 360 రావాలి, 460 వచ్చింది. బాగానే ఉంది కదా?

ఇప్పుడు అదే 460ని విడదీసి చూడండి. రాత్రి 8 నుంచి 12 వరకు 240 ఎంఎల్. 12 నుంచి తెల్లవారుజామున 4 వరకు 150. 4 నుంచి 8 వరకు 70 మాత్రమే. అంటే మొదట గంటకు 60 చొప్పున వచ్చింది, చివరి నాలుగు గంటల్లో 18 కూడా దాటలేదు. రాత్రి మొదట్లో బాగా వచ్చిన మూత్రం, తెల్లవారుజామున పడిపోయిన సంగతిని మొత్తంలో కప్పేసింది.

ఇంకో రెండు అంకెలు కలపండి. రాత్రి 10కి బీపీ 124/78, పల్స్ 84. ఉదయం 6కి బీపీ 104/66, పల్స్ 108. కొత్తగా వచ్చినవాళ్లు 104/66 ఒక్కటే చూస్తే ‘పర్లేదు’ అనుకుంటారు. బీపీ తగ్గుతూ, పల్స్ పెరుగుతూ, మూత్రం తగ్గుతూ ఉంటే మాత్రం అది వేరే కథ. ఒంట్లో నీరు తగ్గి ఉండొచ్చు, లోపల రక్తం కారుతూ ఉండొచ్చు. ఏదైనా ఆలస్యం చేయకూడని విషయమే.

నిజానికి ఆ సిస్టర్ ఇవన్నీ గమనించారు, చేయాల్సినవి చేశారు కూడా. నోట్‌లోకి మాత్రం అవి రాలేదు. వచ్చి ఉంటే ఇలా ఉండేది. అసలు కేస్ షీట్లలో ఇంగ్లిష్‌లోనే రాస్తారు, మన సౌలభ్యం కోసం తెలుగులో చూద్దాం:

“పొట్ట ఆపరేషన్ అయి మొదటి రోజు. మూత్రం తగ్గుతోంది: 20:00–00:00 240 ఎంఎల్, 00:00–04:00 150, 04:00–06:00 35. బీపీ 22:00కి 124/78, 06:00కి 104/66. పల్స్ 84 నుంచి 108. ట్యూబ్ మెలిక పడలేదు, కట్టు పొడిగా ఉంది. 06:15కి సర్జరీ డ్యూటీ డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పాను. చెప్పిన ఆర్డర్లు తిరిగి చదివి వినిపించాను. 500 ఎంఎల్ సెలైన్ 06:30కి మొదలు, 07:30కి పూర్తి. 06:40కి క్రియాటినిన్ శాంపిల్ పంపాం, రిపోర్టు రాలేదు. 06:00–08:00 మూత్రం 35 ఎంఎల్. 07:30కి బీపీ 108/68, పల్స్ 104. 08:00 డైక్లోఫెనాక్ ఇవ్వలేదు. క్రియాటినిన్ చూశాక చెబుతానని డాక్టర్ ఆపమన్నారు. 07:30 నుంచి 08:30 మధ్య మూత్రం 30 కన్నా తక్కువ వస్తే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి.”

తేడా ఎక్కడ?

రెండో నోట్ పొడుగ్గా ఉంది కాబట్టి మంచిదని కాదు. రాత్రి ఎవరు వచ్చి చూశారు, ఎన్నిసార్లు నీళ్లు అడిగారు లాంటివి అందులో లేవు. ఉన్న ప్రతి వాక్యమూ ఉదయం సిస్టర్ చేయబోయే పనికి పనికొచ్చేదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది డైక్లోఫెనాక్ మాట. ఇది నొప్పి మందు. మూత్రం తగ్గి, ఒంట్లో నీరు చాలనప్పుడు ఇస్తే కిడ్నీల మీద దెబ్బ పడొచ్చు. అందుకే డాక్టర్ ఆపమన్నారు, కానీ ఆపమన్నది ఫోన్‌లో. మందుల చార్టులో ఉదయం 8 గంటల గడి ఖాళీగానే ఉంటుంది. కొత్త సిస్టర్ ఆ ఖాళీని చూసి ఏమనుకుంటారు? ‘నైట్ వాళ్లు ఇవ్వడం మరిచారు, నేను ఇచ్చేస్తా’ అనుకుంటారు. అది ఆమె తప్పు కాదు. ఇచ్చిన మందుకు సంతకం ఎలా అవసరమో, ఆపిన మందుకు కారణం రాయడం అంతే అవసరం. చార్టులో ఆ గడి దగ్గరే ‘ఆపాం’ అని రాసి టైమ్, సంతకం పెట్టాలి. ఫోన్‌లో చెప్పిన ఆర్డర్ మీద డాక్టర్ వచ్చాక సంతకం తీసుకోవాలన్నదీ నోట్‌లో ఉండాలి.

రెండోది ‘డాక్టర్‌కు తెలియజేశాం’ అనే మాట. మన వార్డుల్లో ఇంతకన్నా ఎక్కువగా రాసే వాక్యం ఉండదేమో. ఏ డాక్టర్‌కు? ఎన్ని గంటలకు? ఏం చెప్పారు? ఈ మూడూ లేకపోతే ఉదయం సిస్టర్ మళ్లీ ఫోన్ చేయాలా వద్దా అన్నది తెలియదు. ఇప్పటికే చెప్పారు కదా అని ఊరుకునే ప్రమాదమే ఎక్కువ.

మూడోది చివరి వాక్యం. గమనిస్తూ ఉండండి అని రాయడం తేలిక. ఎప్పటిదాకా, ఏ అంకె దగ్గర, ఎవరికి చెప్పాలన్నది రాస్తేనే అది పని అవుతుంది. ఇక్కడ ఆ పని పడేది 8:30కి, అంటే షిఫ్టు మారిన అరగంటకే. ఆ సమయంలో కొత్త సిస్టర్ ఇంకా మిగతా మంచాల దగ్గర లెక్కలు తీసుకుంటూ ఉంటారు. కాబట్టి ఇలాంటి పేషెంట్ గురించి వరుస ప్రకారం కాకుండా అందరికంటే ముందు చెప్పడం మంచిది.

దీనికి ఒక పద్ధతి ఉందా?

ఉంది. ఎస్‌బార్ అని నర్సింగ్ విద్యార్థులకు నేర్పుతారు. ఇప్పుడు పరిస్థితి ఏంటి, దాని వెనుక కథ ఏంటి, నా అంచనా ఏంటి, ఏం చేయాలి అనే నాలుగు మెట్లు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి నుంచి ఇది వచ్చింది. 2000ల తొలినాళ్లలో అక్కడి కైజర్ పర్మనెంటే ఆసుపత్రులు దీన్ని వైద్యానికి మలిచాయి. డాక్టర్ల హ్యాండోవర్ మీద ‘ఐ-పాస్’ అనే ఇంకో పద్ధతిని 9 ఆసుపత్రుల్లో ప్రయత్నించి 2014లో ఫలితాలు ప్రచురించారు. నివారించగలిగే నష్టాలు 30 శాతం తగ్గాయని అందులో తేలింది. విన్నవాళ్లు తాము విన్నదాన్ని తిరిగి చెప్పడం ఆ పద్ధతిలో ఒక మెట్టు. మన దగ్గర ఎక్కువగా జారిపోయేది అదే.

అచ్చు ఫారం ఉంటే సమస్య తీరినట్టేనని మాత్రం అనుకోవద్దు. గడులన్నిటిలో టిక్కులు పెట్టి, అసలు విషయం రాయని నోట్లూ ఉంటాయి. పై కేసులో ‘మూత్రం: 460’ అని గడి నిండిపోయేదే.

ల్యాబ్‌లో కూడా షిఫ్టు మారుతుంది

6:40కి పంపిన ఆ క్రియాటినిన్ శాంపిల్ ఏమైంది? ల్యాబ్‌లోనూ దాదాపు అదే సమయానికి టెక్నీషియన్లు మారతారు. మెషిన్ ఉదయం క్వాలిటీ కంట్రోల్‌లో ఫెయిలై శాంపిల్ పక్కన పెట్టారనుకోండి. నైట్ టెక్నీషియన్ ‘మెషిన్ ప్రాబ్లమ్’ అని రాసి వెళ్లిపోతే కొత్తవాళ్లు మెషిన్ సంగతి చూస్తారు. ర్యాక్‌లో ఉన్న ట్యూబ్ సంగతి ఎవరూ చూడరు. వార్డులో రిపోర్టు కోసం ఎదురుచూస్తుంటారు. ల్యాబ్‌కు మాత్రం అది అర్జెంట్ అనే తెలియదు.

అక్కడ ఉండాల్సిన నోట్ ఇది: “క్రియాటినిన్ కంట్రోల్ 06:50కి ఫెయిల్. మళ్లీ రన్ చేసినా అంతే. ఆ తర్వాత క్రియాటినిన్ రిపోర్టులు ఏవీ ఇవ్వలేదు. సర్జరీ వార్డు అర్జెంట్ శాంపిల్ ఒకటి ర్యాక్‌లో ఆగి ఉంది. ఆలస్యమవుతుందని వార్డు సిస్టర్‌కు 07:05కి ఫోన్ చేశాం.” మెషిన్ ఏ గంట నుంచి పనిచేయలేదు, ఏ శాంపిళ్లు ఆగిపోయాయి, ఎవరికి చెప్పాం అన్నవి అందులో ఉన్నాయి.

రాతలో తప్పు దొర్లితే వైట్‌నర్ పూయకూడదు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, టైమ్, సంతకం పెట్టాలి. మరిచిపోయింది తర్వాత గుర్తొస్తే ఆలస్యంగా రాస్తున్నట్టు చెప్పి, రాస్తున్న టైమే వేయాలి. ఇన్సులిన్ ‘యూనిట్లు’ అన్న మాటను పూర్తిగా రాయాలి. ఇంగ్లిష్‌లో ఒక్క ‘యూ’ అక్షరం పెడితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది.

అటెండెంట్‌గా మీరు ఏం చేయొచ్చు?

షిఫ్టు మారే సమయంలో వీలైతే మంచం దగ్గరే ఉండండి. సిస్టర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆపకండి. అయిపోయాక ‘ఈ రోజు ఏ రిపోర్టు రావాలి? ఏ మందు ఆపారు?’ అని అడగండి. రాత్రి వాంతి అయినా, పేషెంట్ తికమకగా మాట్లాడినా, ఇంటి నుంచి తెచ్చిన మాత్ర వేసినా అప్పుడే చెప్పేయండి.

ఇంకొకటుంది. మన వార్డుల్లో మూత్రం బ్యాగ్ నిండితే చాలాసార్లు ఇంట్లోవాళ్లే తీసుకెళ్లి బాత్రూమ్‌లో పారబోస్తారు. సిస్టర్‌కు పని తగ్గిద్దామన్న మంచి ఉద్దేశమే. కానీ ఆ 200 ఎంఎల్ ఎక్కడా లెక్కలోకి రాదు. మూత్రం రాకపోవడానికీ, వచ్చినా రాయకపోవడానికీ నోట్‌లో తేడా ఉండదు. బ్యాగ్‌ను సిస్టర్‌నే ఖాళీ చేయమనండి. మీరే చేయాల్సి వస్తే బ్యాగ్ మీద గీతలుంటాయి, ఎన్ని ఎంఎల్ ఉందో, టైమ్ ఎంతో ఫోన్‌లో నోట్ చేసుకుని పారబోసిన వెంటనే సిస్టర్‌కు చెప్పండి.