పట్టుకున్న పన్ను తిరిగొచ్చే దారి

తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరరు ఉన్నారనుకుందాం. వయసు నలభై అయిదు, ఏడాది జీతం 4,80,000 రూపాయలు. తండ్రి ఇచ్చిన దుకాణాన్ని ఒక మందుల కంపెనీకి నెలకు 55,000కు అద్దెకిచ్చారు. బ్యాంకులో ఉన్న ఫిక్సెడ్ డిపాజిట్ల మీద ఏడాదికి 90,000 వడ్డీ వస్తుంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆమె కట్టాల్సిన ఆదాయపు పన్ను సున్నా. అయినా ఆ ఏడాదిలో ఆమె పాన్ నంబరు మీద 75,000 రూపాయలు ప్రభుత్వానికి జమయ్యాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. డబ్బు చెల్లించేవారే కొంత పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టి, మిగతాది చేతికివ్వడమే టీడీఎస్. ఆమెకు డబ్బిచ్చేవారు ముగ్గురు: కాలేజీ, బ్యాంకు, మందుల కంపెనీ. మిగతా ఇద్దరు ఎంత ఇస్తున్నారో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఎవరికి వారు తమ చేతిమీదుగా వెళ్లే సొమ్మును మాత్రమే చూసి పన్ను పట్టుకుంటారు. పైగా ముగ్గురూ పట్టుకునే పద్ధతి ఒకటి కాదు.

జీతం దగ్గర కాస్త ఆలోచించి పట్టుకుంటారు. ఏడాది మొత్తం జీతమెంతో యాజమాన్యం అంచనా వేస్తుంది. అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి, శ్లాబుల ప్రకారం పన్ను లెక్కగట్టి, ఆ మొత్తాన్ని నెలలవారీగా కోస్తుంది. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000. లెక్చరరు జీతంలో అది పోగా మిగిలేది 4,05,000. దాని మీద పడే కొద్దిపాటి పన్ను కూడా రిబేటులో పోతుంది కాబట్టి కాలేజీ ఒక్క రూపాయి కూడా పట్టుకోలేదు.

బ్యాంకు దగ్గర ఆ ఆలోచన ఉండదు. ఏడాది వడ్డీ 50,000 దాటితే, మొత్తం వడ్డీ మీద పది శాతం పట్టుకుంటుంది. అరవై నిండినవారికి ఈ హద్దు లక్ష రూపాయలు. పాన్ ఇవ్వకపోతే పది కాస్తా ఇరవై శాతమవుతుంది. సేవింగ్స్ ఖాతా వడ్డీకి మాత్రం ఈ కోత లేదు. డిపాజిట్ గడువు తీరేదాకా వడ్డీ చేతికి రాకపోయినా, ఏటా లెక్కలో చేరిన వడ్డీ మీద కోత పడుతూనే ఉంటుంది. లెక్చరరు విషయంలో బ్యాంకు పట్టుకున్నది 9,000.

అద్దె దగ్గర, కడుతున్నది ఎవరన్నదే ముఖ్యం. కంపెనీ అయితే నెల అద్దె 50,000 దాటగానే పది శాతం కోయాలి. అంటే నెలకు 5,500, ఏడాదికి 66,000. అదే దుకాణంలో ఆడిట్ పరిధిలోకి రాని చిన్న వ్యాపారి ఉంటే కోత రెండు శాతమే, 13,200. అదీ నెలనెలా కాదు, ఏడాది చివర లేదా ఖాళీ చేసే నెలలో ఒక్కసారి. ఇల్లు అద్దెకు తీసుకున్న ఉద్యోగికీ ఇదే నియమం. ఇంటి యజమాని అమెరికాలోనో దుబాయ్‌లోనో స్థిరపడిన ప్రవాసి అయితే మాత్రం 50,000 హద్దు వర్తించదు. అద్దె చిన్నదైనా ముప్పై శాతం పైన సెస్సు కలిపి కోయాల్సిన బాధ్యత అద్దెకున్నవారిదే. హైదరాబాద్ ఫ్లాట్లలో చాలామంది ఈ సంగతి నోటీసు వచ్చాకే తెలుసుకుంటారు.

ఇప్పుడు మూడు ఆదాయాలనూ ఒకచోట చేర్చి చూద్దాం. ఏడాది అద్దె 6,60,000లో మరమ్మతుల కింద చట్టం ముప్పై శాతం మినహాయిస్తుంది, మిగిలేది 4,62,000. దానికి జీతం 4,05,000, వడ్డీ 90,000 కలిపితే 9,57,000. కొత్త విధానంలో మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తర్వాతి నాలుగు లక్షలకు అయిదు శాతం చొప్పున 20,000. మిగిలిన 1,57,000కు పది శాతం చొప్పున 15,700. మొత్తం 35,700. ఆదాయం పన్నెండు లక్షలు దాటలేదు కాబట్టి రిబేటుతో అదంతా రద్దవుతుంది. పట్టుకున్న 75,000 పూర్తిగా వెనక్కి రావాలి.

అసలు పట్టుకోకుండానే ఆపలేరా? ఫారం 15జీ ఉన్నది అందుకే. కానీ దానికి రెండు షరతులున్నాయి. ఏడాది పన్ను సున్నా కావాలి. టీడీఎస్ పడే వడ్డీ, అద్దె వంటివన్నీ కలిపి పన్ను లేని హద్దును, అంటే కొత్త విధానంలో నాలుగు లక్షలను, దాటకూడదు. లెక్చరరుకు అద్దె, వడ్డీ కలిపితే 7,50,000. కాబట్టి 15జీ ఇవ్వడానికి వీల్లేదు. అరవై దాటినవారు ఇచ్చే 15హెచ్‌కు ఈ రెండో షరతు లేదు. ఆమెకున్న దారి ఒక్కటే. ఫారం 13 ద్వారా ఆదాయపు పన్ను అధికారికి దరఖాస్తు చేసి, తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకుని కంపెనీకి ఇవ్వాలి. ఏడాది మొదట్లోనే తెచ్చుకుంటే ఉపయోగం, ఎందుకంటే అప్పటికే కోసినది కంపెనీ తిరిగివ్వదు.

కోత పడ్డాక మిగిలేది రిటర్ను. పన్ను సున్నాయే కదా అని రిటర్ను వేయకపోతే రిఫండ్ రాదు. వేసేముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ తెరిచి, ఎవరు ఎంత పట్టుకుని ఆమె పాన్ మీద జమచేశారో చూసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా కోసిన పన్ను వివరాలు ఇవ్వడానికి కంపెనీలకు, బ్యాంకులకు మే 31 వరకు గడువుంటుంది. ఏప్రిల్‌లోనే తొందరపడితే ఆ మూడు నెలల పన్ను అందులో కనిపించదు.

ఎక్కువ చిక్కులు వచ్చేది ఇక్కడే. నెలనెలా 5,500 కోసుకున్న కంపెనీ ప్రభుత్వానికి కట్టకపోవచ్చు, కట్టినా పాన్‌లో ఒక అక్షరం తప్పు పడొచ్చు. అప్పుడు 26ఏఎస్‌లో ఆ అంకె ఉండదు, రిఫండ్ ఆ మేరకు తగ్గుతుంది. కంపెనీ చేత సవరణ స్టేట్‌మెంటు వేయించడమే దీనికి మార్గం. అద్దె రసీదులు, ఖాతాలో 49,500 చొప్పున పడ్డ ఎంట్రీలు దగ్గరుంటే కోత పడిందని చూపడం తేలిక. ఇంకో పొరపాటు ఆదాయం రాసేటప్పుడు జరుగుతుంది. చేతికొచ్చింది 49,500 అయినా రిటర్నులో చూపాల్సింది 55,000. కోత పోగా మిగిలినది రాసి, కోసిన పన్నూ అడిగితే లెక్క పొసగదు.

రిటర్ను గడువు జులై 31. పంపిన ముప్పై రోజుల్లోపు ఆధార్ ఓటీపీతోనో మరో పద్ధతిలోనో వెరిఫై చేయాలి. డబ్బు పడాల్సిన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందే ధ్రువీకరించుకోవాలి. ఖాతాలోని పేరు, పాన్‌లోని పేరు కలవకపోతే రిఫండ్ మంజూరైనా ఖాతాలో పడదు. సరిచేసుకుని మళ్లీ పంపమని అడగాల్సి వస్తుంది. జులై గడువు దాటినా డిసెంబరు 31 దాకా రిటర్ను వేయొచ్చు, కానీ ఆమె ఆదాయానికి 5,000 ఆలస్య రుసుం పడుతుంది.

ఇదే లెక్క తిరగబడే ఇళ్లూ ఉన్నాయి. మినహాయింపులు పోగా జీతమే ఇరవై ఒక్క లక్షలున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి లక్ష రూపాయల వడ్డీ వస్తే, బ్యాంకు 10,000 పట్టుకుంటుంది. అతని శ్లాబు ఇరవై అయిదు శాతం, సెస్సుతో ఆ వడ్డీ మీద పన్ను 26,000. టీడీఎస్ కోశారు కదా అని ఊరుకుంటే మిగిలిన 16,000కు తర్వాత వడ్డీతో సహా డిమాండు వస్తుంది.

లెక్చరరు గడువులోపు రిటర్ను వేస్తే ప్రభుత్వం ఆమెకు వడ్డీ కూడా ఇస్తుంది. ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం. ఆగస్టులో రిఫండ్ వస్తే అయిదు నెలలకు 75,000 మీద 1,875 రూపాయలు. గడువు దాటాక వేస్తే ఈ వడ్డీ రిటర్ను వేసిన రోజు నుంచే లెక్కకొస్తుంది. వెనక్కి వచ్చిన 75,000 ఆదాయం కాదు. కానీ దాంతోపాటు వచ్చిన 1,875 ఆదాయమే, దాన్ని తర్వాతి ఏడాది రిటర్నులో ఇతర ఆదాయాల కింద చూపాలి.