చీటీ సరిగ్గా ఉంటేనే ఇంటికి మందు

హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, విజయవాడలోని అమ్మకు బీపీ మాత్రలూ నిద్రకు అల్ప్రజోలమూ ఆర్డర్ పెట్టాడనుకుందాం. చీటీ ఫొటో పంపాడు, డబ్బూ కట్టాడు. అయినా షాపు నుంచి ఫోన్ వచ్చింది. ఫొటోలో పైభాగం తెగిపోయింది, డాక్టర్ పేరు, తేదీ కనిపించడం లేదు. చీటీ నాలుగు అంచులూ, సంతకమూ పడేలా మంచి వెలుతురులో ఫొటో తీయాలి.

అసలు చిక్కు అల్ప్రజోలంతో. అది షెడ్యూల్ హెచ్1 మందు. ఎవరికి, ఏ డాక్టర్ చీటీ మీద, ఎంత ఇచ్చారో షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు దాచాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టర్ రాయకపోతే ఒక చీటీకి ఒకసారే మందు. పోయిన నెల వాడిన చీటీనే పంపితే ఫార్మసిస్టు కాదనడం న్యాయమే.

డెలివరీ సమయాన్ని చాలా షాపులు చీటీ చూశాకే లెక్కపెడతాయి. రాత్రి షాపు కట్టేసే వేళ పెట్టిన ఆర్డర్ మర్నాటికి పోతుంది. అందుకే ఇంట్లో ఇంకా వారానికి సరిపడా మాత్రలుండగానే ఆర్డర్ పెట్టాలి. పార్సిల్ విప్పగానే అట్ట మీది పేరు, ఎంజీ, గడువు తేదీ చూసుకోవాలి. అమ్లోడిపిన్ 5 రాసినచోట 2.5 వస్తే వేసుకోకుండా షాపుకు ఫోన్ చేయాలి.