గంట మోగింది, ఇంతకీ లోపల ఏముంది?

సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో బుకోల్జ్ అలారం మోగిందంటే ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా నడుస్తూనే ఉందని అర్థం. ట్యాంకుకీ, పైన నూనె నిల్వ ఉండే కన్జర్వేటర్‌కీ మధ్య వాలుగా సాగే గొట్టంలో ఉంటుంది ఈ రిలే. జర్మనీకి చెందిన మాక్స్ బుకోల్జ్ 1921లో దీన్ని రూపొందించాడు. లోపల పుట్టిన వాయువు నూనెలోంచి పైకి తేలి, రిలే పైభాగంలో చేరుతుంది. ఆ మేరకు నూనె దిగి, పై ఫ్లోటు వాలి గంట మోగుతుంది. లోపం ఒక్కసారిగా పెద్దదై నూనె ఉరవడిగా కన్జర్వేటర్ వైపు తోసుకొస్తే, కిందిది కదిలి సరఫరా ట్రిప్ అవుతుంది.

రిలేకున్న అద్దం మీద గీతలుంటాయి, ఎన్ని సీసీల వాయువు చేరిందో చదువుకోవచ్చు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో అలారం మోగేసరికి సుమారు 200 నుంచి 300 సీసీలు చేరి ఉంటుంది. కాబట్టి ఆ అంకె కన్నా, అంత చేరడానికి ఎంతసేపు పట్టిందన్నదే అసలు ప్రశ్న.

ఒక సందర్భం చూద్దాం. నూనె ఫిల్టర్ చేసి ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్లీ ఛార్జి చేశారు. మర్నాడే అలారం. అద్దంలో 250 సీసీలు, రంగు లేదు. తీసిన నమూనా మండలేదు. వదిలేశాక పది గంటలకు మళ్లీ మోగింది, తర్వాత రెండు రోజులకు, ఆపై మోగలేదు. ఇది నూనెలో చిక్కుకుపోయిన గాలి. అదే వ్యవధి తగ్గుతూ వచ్చి, నమూనా అంటుకుంటే ఆలోచన అక్కర్లేదు, సరఫరా ఆపేయాల్సిందే.

రంగు విషయానికొస్తే, పాతకాలం నుంచీ చెప్పుకునే లెక్క ఇదీ: తెల్లగా ఉంటే కాగితపు ఇన్సులేషన్ కాలుతోందని, పసుపుపచ్చగా ఉంటే చెక్క లేదా ప్రెస్‌బోర్డు అని, బూడిద రంగో నలుపో అయితే ఆర్క్ పడి నూనె మాడిందని. నా ఉద్దేశంలో దీన్ని మరీ నమ్ముకోకూడదు. రంగు కాసేపట్లోనే వెలిసిపోతుంది. వెళ్లి చూసేసరికి ఆలస్యమైతే ఏమీ కనిపించదు. పైగా అతి ప్రమాదకరమైన హైడ్రోజన్‌కూ, ఎసిటిలీన్‌కూ రంగే లేదు. రంగు లేదు కదా అని గాలి అనుకుంటే కొంప మునుగుతుంది.

అందుకే నమూనాను సిరంజిలోకి పట్టి ల్యాబుకు పంపుతారు, నూనె నమూనా కూడా. ఎసిటిలీన్ ఎక్కువైతే ఆర్క్ అనీ, ఇథిలీన్ ఎక్కువైతే నూనె బాగా వేడెక్కిందనీ, కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కాగితం దెబ్బతిన్నదనీ అనుమానిస్తారు. మంట పరీక్ష చేయాల్సి వస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగానే. ఛార్జిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పైకెక్కి వాయువు తీయడం ఎవరూ చేయకూడని పని. అందుకే రిలే నుంచి సన్నని గొట్టాన్ని కిందికి, మనిషి అందుకునే ఎత్తుకు దింపి ఉంచుతారు.

ఇంకొకటి: అద్దం మొత్తం ఖాళీగా కనిపిస్తే అది వాయువు కాకపోవచ్చు. ముందు కన్జర్వేటర్ గేజీ చూడాలి. ఎక్కడో లీకై నూనె మట్టం రిలే కిందికి దిగినా గంట ఇలాగే మోగుతుంది.