రూ.23 వేల ల్యాప్‌టాప్ రూ.190కే: ధర తప్పు పడితే కొనుగోలుదారు పట్టుబట్టవచ్చా?

ఒడిశాకు చెందిన ఒక న్యాయవిద్యార్థికి 2014 డిసెంబరులో అమెజాన్ వెబ్‌సైట్‌లో 23,499 రూపాయల ల్యాప్‌టాప్ 190 రూపాయలకే కనిపించింది. ఆయన వెంటనే ఆర్డర్ పెట్టారు. ఆర్డర్ ఖరారైనట్లు సందేశమూ వచ్చింది. కొద్దిసేపటికే ధర విషయంలో సమస్య ఏర్పడిందంటూ సంస్థ ఆ ఆర్డర్‌ను రద్దు చేసింది. విద్యార్థి వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించారు. ఆరేళ్ల తర్వాత, 2021 జనవరిలో, ఒడిశా రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పింది. పరిహారంగా 30 వేలు, శిక్షాత్మక నష్టపరిహారంగా 10 వేలు, ఖర్చుల కింద 5 వేలు, మొత్తం 45 వేల రూపాయలు చెల్లించాలని సంస్థను ఆదేశించింది.

అయితే విద్యార్థికి దక్కింది డబ్బే తప్ప 190 రూపాయల ల్యాప్‌టాప్ కాదు. తప్పు ధరకు వస్తువు ఇవ్వాలని పట్టుబట్టడం ఒక ప్రశ్న. మాట తప్పినందుకు పరిహారం కోరడం మరో ప్రశ్న. ఈ రెండింటినీ చట్టం వేర్వేరుగా చూస్తుంది.

ఒప్పందం ఎప్పుడు కుదిరినట్లు?

దుకాణంలో అరమీద ధరతో పెట్టిన వస్తువు చట్టం దృష్టిలో అమ్మకానికి ప్రతిపాదన కాదని, కొనేందుకు ముందుకు రమ్మనే ఆహ్వానం మాత్రమేనని ఇంగ్లండ్ అప్పీలు న్యాయస్థానం 1953లో బూట్స్ ఔషధ దుకాణం కేసులో తేల్చింది. వెబ్‌సైట్‌లో కనిపించే ధరకూ సాధారణంగా ఇదే సూత్రాన్ని అన్వయిస్తారు. ఆర్డర్ పెట్టినప్పుడు కొనుగోలుదారు ప్రతిపాదన చేసినట్లవుతుంది. దానిని విక్రేత అంగీకరించినప్పుడే ఒప్పందం పుడుతుంది. డబ్బు చెల్లించినంత మాత్రాన విక్రేత అంగీకరించినట్లు కాదు.

కాబట్టి విక్రేత పంపిన సందేశంలో ఏముందన్నది కీలకం. ‘మీ ఆర్డర్ అందింది’ అన్నది రసీదు వంటిదే. ‘మీ ఆర్డర్ ఖరారైంది’ అన్న మాటకు అంగీకారమనే అర్థం వస్తుంది. ఈ సందేశాన్ని మనిషి చూడకుండా కంప్యూటరే పంపిందన్న వాదన నిలవడం కష్టం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది. అందుకే అనేక వేదికలు తమ షరతుల్లో, వస్తువును రవాణాకు అప్పగించినప్పుడే ఒప్పందం కుదురుతుందని ముందుగానే రాసుకుంటున్నాయి. ఒడిశా కేసులో మాత్రం ప్రకటన చూసి ఆర్డర్ పెట్టడం, దానిని సంస్థ ఖరారు చేయడంతో ఒప్పందం పూర్తయిందని కమిషన్ భావించింది.

ఒప్పందం కుదిరాక పొరపాటు బయటపడితే?

1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఈ విషయంలో విక్రేతకు కొంత కఠినంగానే ఉంది. ఒప్పందానికి మూలమైన వాస్తవం విషయంలో ఇరుపక్షాలూ పొరబడితే 20వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పందం చెల్లదు. ఒక్క పక్షమే పొరబడితే, కేవలం ఆ కారణంతో దానిని రద్దు చేయడం కుదరదని 22వ సెక్షన్ చెబుతోంది. ధర తప్పుగా నమోదు చేయడం సాధారణంగా విక్రేత ఒక్కరి పొరపాటే.

అయితే ఆ పొరపాటు కొనుగోలుదారుకు ముందే తెలిసి ఉంటే పరిస్థితి మారుతుంది. ఈ అంశంపై తరచూ ప్రస్తావనకు వచ్చేది సింగపూర్ కేసు. అక్కడి ఒక సంస్థ వెబ్‌సైట్‌లో 2003 జనవరిలో 3,854 సింగపూర్ డాలర్ల లేజర్ ప్రింటర్ ధర 66 డాలర్లుగా పడింది. ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లకు ఆర్డర్ పెట్టారు. కంప్యూటర్ అన్నింటినీ ఖరారు చేసింది. సంస్థ సరఫరాకు నిరాకరించడంతో వారు కోర్టుకెక్కారు. ఆర్డర్లకు ముందు వారు ఇతర వెబ్‌సైట్లలో అసలు ధర వెతికారని, దాని గురించి ఒకరికొకరు సందేశాలు పంపుకున్నారని విచారణలో వెల్లడైంది. ధర తప్పని తెలిసే ఆర్డర్ పెట్టారని నిర్ధారించిన హైకోర్టు 2004లో వారి దావాను కొట్టివేసింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది.

సింగపూర్ తీర్పు భారత న్యాయస్థానాలను కట్టడి చేయదు. కానీ అదే వాదనకు ఇక్కడా ఆధారం ఉంది. ఇరుపక్షాలు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అని ఒప్పందాల చట్టం 13వ సెక్షన్ నిర్వచిస్తోంది. ధర తప్పని తెలిసిన కొనుగోలుదారుకూ, తెలియని విక్రేతకూ మధ్య అటువంటి సమ్మతి కుదరలేదని విక్రేత వాదించవచ్చు.

రెండు ధరలు, రెండు ఫలితాలు

ఉదాహరణకు 24,990 రూపాయల ఫ్రిజ్‌ను తీసుకుందాం. చివరి సున్నా జారిపోయి వెబ్‌సైట్‌లో 2,499గా పడిందనుకుందాం. పదో వంతు ధరకు కొత్త ఫ్రిజ్ రాదన్నది ఎవరికైనా తెలుస్తుంది. ఒకే వ్యక్తి పది ఫ్రిజ్‌లకు ఆర్డర్ పెడితే, పొరపాటును గమనించే ఆ పని చేశారన్న అనుమానం మరింత బలపడుతుంది. ఇక్కడ కొనుగోలుదారు వాదన బలహీనం.

అదే ఫ్రిజ్ పండుగ అమ్మకాల వేళ 21,490గా కనిపించిందనుకుందాం. అసలు వేయదలచిన ధర 24,490 అని విక్రేత తర్వాత చెప్పినా, మూడు వేల తగ్గింపును నిజమని నమ్మడంలో తప్పేమీ లేదు. ఆర్డర్‌ను స్పష్టంగా ఖరారు చేసి ఉంటే 22వ సెక్షన్ కొనుగోలుదారుకు అండగా నిలుస్తుంది. భారీ రాయితీలను స్వయంగా ప్రచారం చేసుకునే సంస్థ, తక్కువ ధరను చూడగానే తప్పని గుర్తించాల్సిందని వాదించడం అంత సులభం కాదు.

చివరికి దక్కేదేమిటి?

వాదన నెగ్గినా, బజారులో సులభంగా దొరికే వస్తువునే ఇప్పించమని ఆదేశం పొందడం అరుదు. డబ్బుతో పూడ్చగల నష్టానికి డబ్బే పరిహారంగా వస్తుంది. ఒప్పందం కుదిరినట్లు తేలితే, అదే వస్తువును మరోచోట కొనడానికి అదనంగా పెట్టిన మొత్తం నష్టాన్ని లెక్కగట్టడానికి ఆధారమవుతుంది. ఒప్పందం కుదరలేదని తేలినా చెల్లించిన సొమ్ము మాత్రం పూర్తిగా తిరిగి రావాలి.

ఈ-కామర్స్‌పై 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనలు సంస్థ ఆర్డర్‌ను ఏకపక్షంగా రద్దు చేయడాన్ని పూర్తిగా నిషేధించలేదు. అయితే అలా రద్దు చేసినప్పుడు తాము భరించని రుసుమును, రద్దు చేసుకున్న వినియోగదారు నుంచి వసూలు చేయరాదని స్పష్టం చేశాయి.

ఫిర్యాదు నిలబడాలంటే ధర కనిపించిన పేజీ, ఖరారు సందేశం, చెల్లింపు రసీదు, రద్దు సందేశం తేదీ, సమయంతో సహా భద్రపరచుకోవాలి. పేజీలోని ధరను విక్రేత నిమిషాల్లో సరిదిద్దవచ్చు కాబట్టి దాని చిత్రాన్ని అప్పుడే తీసుకోవడం ముఖ్యం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదును తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఆ పని చేయాలి. కమిషన్ ముందు కొనుగోలుదారు ముఖ్యంగా రెండు ప్రశ్నలకు సిద్ధపడాలి. విక్రేత ఆర్డర్‌ను నిజంగా అంగీకరించారా? ఆ ధరను తాము నిజమని నమ్మారా?