సైన్ టూ తీటానా, సైన్ స్క్వేర్ తీటానా?

జ్వరమొచ్చి కాలేజీ మానేసిన ఇంటర్ మొదటి ఏడాది విద్యార్థికి సాయంత్రానికల్లా వాట్సాప్‌లో ఫ్రెండ్ నోట్సు ఫొటోలు వచ్చేస్తాయి. చాలామంది వాటిని ఉన్నదున్నట్టు తమ నోట్సులోకి దించేసుకుంటారు. నోట్సు నిండుతుంది గానీ పాఠం రాదు. నోట్సు అంటే క్లాసులో విన్నవాడు తనకు గుర్తుండటానికి రాసుకున్న ముక్కలు. విననివాడు ఆ ముక్కల మధ్య ఏముందో పుస్తకంలో వెతుక్కోవాలి.

ఫిజిక్స్‌లో ప్రక్షేపకాల పాఠం పోయిందనుకుందాం. బంతిని ఏటవాలుగా విసిరితే ఎంత ఎత్తుకు పోతుంది, ఎంత దూరంలో పడుతుంది అన్నది విషయం. ఫొటోలు తెరిచే ముందు ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో ఆ భాగం ఒకసారి చదివి, ఒక్కో అంశానికీ శీర్షిక రాసి, కింద సగం పేజీ ఖాళీ వదలాలి. ఫొటోల్లో ఉన్నది ఆ ఖాళీల్లోకి వెళ్తుంది. ఏ శీర్షిక కిందా ఏమీ పడకపోతే రెండే కారణాలు: లెక్చరర్ అది చెప్పలేదు, లేదా ఫ్రెండ్ ఒక పేజీ ఫొటో తీయడం మరిచిపోయాడు. ఎడమ పేజీలో సగంలో ఆగిన లెక్క తర్వాతి ఫొటోలో కొనసాగకపోతే రెండోదే అయ్యుంటుంది.

మొదటి చిక్కు అక్షరాల దగ్గరే. పుస్తకంలో తొలి వేగం v₀, కోణం θ₀. నోట్సులో u, θ. ఇవి వేరు వేరు సంగతులు కావు, పేర్లు మాత్రమే వేరు. పేజీ పైన ఒక్కసారి u = v₀ అని రాసుకుంటే చాలు. నోట్సులో g విలువ 10, పుస్తకంలో 9.8 ఉన్నా అంతే, లెక్క తేలిక కోసం చేసిన సర్దుబాటు అది. వీటికి అనుమానపు గుర్తు అక్కర్లేదు.

అసలు అనుమానం దూరం సూత్రంలో వస్తుంది. ఫొటో కాస్త మసగ్గా ఉంటే sin 2θ, sin²θ ఒకేలా కనిపిస్తాయి. పైగా పక్కనే ఉన్న ఎత్తు సూత్రంలో నిజంగానే sin²θ ఉంది. ఇలాంటిచోట కంటికి తోచింది రాసేయకుండా పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన ‘ఫొ’ అని రాయాలి. అంటే తప్పు ఎవరిదో తెలియదు, ముందు ఫొటోను అనుమానిస్తున్నాం. తర్వాత పుస్తకం:

R = v₀² sin 2θ₀ / g
H = (v₀ sin θ₀)² / 2g

ఎత్తు సూత్రంలో బ్రాకెట్ ఉంది కాబట్టి స్క్వేర్ దేనికో తేలిపోయింది. అయినా సొంతంగా ఒక పరీక్ష పెట్టడం మంచిది. బంతిని నిట్టనిలువుగా, 90 డిగ్రీల్లో విసిరితే మన కాళ్ల దగ్గరే పడాలి, దూరం సున్నా. sin 180° సున్నాయే. అదే sin² 90° అయితే 1 వస్తుంది, అంటే నిలువుగా విసిరిన బంతి ఎక్కడో దూరంగా పడ్డట్టు! అంకెలతో చూసినా తేడా దాగదు. వేగం సెకనుకు 20 మీటర్లు, కోణం 30 డిగ్రీలు, g 10 అనుకుంటే సరైన సూత్రం దూరాన్ని 34.6 మీటర్లు చూపిస్తుంది, తప్పుగా చదివిన సూత్రం 10 మీటర్లే. బంతి గాల్లో ఉండేది 2 సెకన్లు, అడ్డంగా దాని వేగం సెకనుకు 17.3 మీటర్లు. రెంటినీ గుణించి చూస్తే ఏది నిజమో తెలిసిపోతుంది. ఇక సున్నా చెరిపేయొచ్చు.

అన్నీ ఇలా తేలవు. నోట్సు మార్జిన్‌లో ‘మేడ మీద నుంచి – 45 కాదు’ అని ఉందనుకోండి. ఫొటో స్పష్టంగానే ఉంది. పుస్తకం మాత్రం విసిరిన మట్టంలోనే పడే బంతి గురించి చెబుతుంది, అందులో 45 డిగ్రీలకే దూరం ఎక్కువ. ఇది లెక్చరర్ నోటితో చెప్పి వదిలేసిన మాట అయ్యుండాలి. ఇక్కడ గుర్తు ‘లె’. చాలామంది అన్నిటికీ ఒకే ప్రశ్నార్థకం పెడతారు. ఆనక ఏది ఎవర్ని అడగాలో తెలియక ఏదీ అడగరు. ‘ఫొ’ గుర్తులున్నవి ఫ్రెండ్‌కు మెసేజ్ పెట్టాలి: ‘ఒరేయ్, మూడో ఫొటో కింది సగం మళ్లీ తీసి పంపు, ఈసారి డాక్యుమెంట్‌గా పంపు.’ మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటో సైజు తగ్గిస్తుంది, అసలే చిన్నగా ఉన్న 2 మరీ చెదిరిపోతుంది.

‘లె’ గుర్తుతో లెక్చరర్ దగ్గరికి వెళ్లి ‘సార్, నాకు ఈ పాఠం అర్థం కాలేదు’ అంటే ఆయన మాత్రం ఎక్కడ మొదలుపెడతారు? ‘సార్, మేడ మీద నుంచి విసిరితే 45 డిగ్రీలకు ఎక్కువ దూరం పోదా?’ అంటే ఒక్క నిమిషంలో జవాబొస్తుంది: పడే చోటు కిందికి ఉంటే అత్యధిక దూరానికి కోణం 45 కంటే తక్కువ. అప్పుడు పెన్సిల్ గుర్తు తీసేసి, ఆ మాటను పెన్నుతో రాసి, పక్కన ‘సార్ చెప్పారు’ అని తేదీ వేసుకోవాలి. పుస్తకంలో లేని మాట ఎక్కడిదో పరీక్ష ముందు చదివేటప్పుడు గుర్తుండదు.